ఊరికే అన్న నమస్తే

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే మడిస్తే అంచు నేలకు తగులుతుంది. నేలకు తగిలిన దుప్పటి మళ్ళీ నీళ్ళలోకి పోవాలి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో, వేడి రోలరు నుంచి బట్ట బయటకొచ్చే చోట పొడుగాటి బల్ల ఒకటి వేసి, అటొకరిని ఇటొకరిని నిలబెట్టింది అందుకే. ఇటు నిలబడే మనిషిని అందరూ మడతలక్క అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిచి చాలా కాలమైంది. పిలిస్తే ఆవిడ కూడా ఎవరినో అనుకునేది.

ఆ షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే, మడతలక్క, మేనేజరు. మేనేజరు అద్దాల గదిలో ఉంటాడు. మిగతా వాళ్ళంతా తలో రాష్ట్రం నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. మొదట్లో ఆవిడకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. ఇంటికెళ్ళి అత్తతో మొదటి మాట అనబోతే గొంతు గరగరలాడేది.

"ఏమే, నోట్లో నువ్వుగింజ నానుతోందా?" అనేది అత్త.

"నానుతూనే ఉంది అత్తమ్మా. పొద్దుటి నుంచీ."

మొగుడు లారీ తోలతాడు. వారానికోసారి వచ్చి ఒక పూట నిద్రపోయి వెళ్తాడు. ఊళ్ళన్నీ తిరిగినవాడు కదా అని ఒకసారి అడిగింది, నా ఎదురుగా నిలబడేది హిందీ మనిషి, ఎలా పలకరించాలి అని.

"క్యా రే అను. ఎవడైనా పలుకుతాడు" అన్నాడు సగం నిద్రలో.

మర్నాడు దుప్పటి నాలుగు కొసలూ ఇద్దరూ పట్టుకుని ఒక్క దులుపు దులిపాక, ధైర్యం చేసి, "క్యా రే" అంది. ఎదుటి మనిషి మొహం ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత నవ్వింది. ఎంత నవ్విందంటే కొసలు చేతుల్లోంచి జారి దుప్పటి నేల పాలైంది. ఆ మాట లారీల వాళ్ళు లారీల వాళ్ళను పిలిచేది, ఆడమనిషిని కాదు అని సైగలతో చెప్పింది. స్టీరింగు తిప్పి చూపించింది, మీసం దువ్వి చూపించింది. ఆ తర్వాత రెండు చేతులూ జోడించి, "నమస్తే" అంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "కైసీ హో, దీదీ?" అంది. ఎలా ఉన్నావక్కా అని. జవాబు కూడా తనే నేర్పింది, "ఠీక్ హూఁ." బాగున్నాను.

మడతలో ఒక సంగతి ఉంది. బట్టను నిడివిగా మడిచాక ఇద్దరూ ఒకరి వైపు ఒకరు నడవాలి. చేతులు కలిసిన చోట ఒకరు తన కొసలు రెండో వారికి అప్పగించి, వంగి, కింద వేలాడే మడతను అందుకోవాలి. మొహాలు జానెడు దూరంలోకి వచ్చేది అప్పుడే. రోలరు రొదలో మాట వినబడేదీ అప్పుడే. మళ్ళీ విడిపోయాక అరిచినా వినబడదు. ఆ కాస్త వ్యవధిలో పట్టేది పలకరింపు ఒక్కటే. అంతకన్నా పెద్ద మాటకు అక్కడ చోటు లేదు. మడతలక్కకు అంతకన్నా పెద్ద మాట రాదు కూడా. అందుకని సరిపోయింది.

ఒకటి వచ్చాక మిగతావాటి మీద ఆశ పుట్టింది. ఆవిరి గదిలో బాయిలర్ చూసే పెద్దాయన తమిళాయన. ఆయన దగ్గర "వణక్కం" నేర్చుకుంది. రోజూ పొద్దున్నే ఎదురుపడి "వణక్కం అణ్ణా" అంటుంటే ఆయన నాలుగో రోజున రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, ఓట్లడగడానికొచ్చిన నాయకుడిలా అటూ ఇటూ తిరిగి దణ్ణాలు పెట్టాడు. అప్పుడర్థమైంది. వణక్కం కొత్త మొహాలకు, పెద్ద సందర్భాలకు. రోజూ కలిసేవాళ్ళను "సాప్టీంగళా?" అనాలి. తిన్నారా అని. తిన్నా తినకపోయినా "సాప్టేన్" అంటాడాయన. మాసిన బట్టలు వేరుచేసే కన్నడావిడదీ అదే పద్ధతి. మొదటి రోజు "నమస్కార". ఆ తర్వాత నుంచి "ఊట ఆయ్తా?" భోజనమయిందా అని. "ఆయ్తు. నిమ్దు?" అని ఆవిడ. అయింది, మరి మీది?

"అందరూ తిండి సంగతే అడుగుతారే" అంది అత్త, విని.

"మనమూ అదే కదా అడిగేది."

"అడుగుతాం. పెట్టం." పళ్ళు లేని నోటితో నవ్వింది ముసలమ్మ. ఆ తర్వాత పక్కింటావిడకు చెప్పుకుంది, "మా కోడలు నాలుగు భాషల్లో నమస్కారం పెడుతుందమ్మా. ఒక్క భాషలో కూడా జీతం పెంచమని అడగదు."

ఆ రోజుల్లో మడతలక్క లాండ్రీకి పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళేది. లోపలికి అడుగుపెట్టింది మొదలు బల్ల చేరేలోగా ముగ్గురితో మూడు మాటలు. ఆ మూడూ పలికితే ఆ రోజు తాను అక్కడ ఉన్నట్టు. పలకకపోతే ఒట్టి చేతులు మాత్రమే వచ్చినట్టు.

మేనేజరు అద్దాల్లోంచి ఇదంతా చూశాడు. ఒకరోజు పిలిచాడు.

"ఏమ్మా, నీకు అన్ని భాషలూ వచ్చే!"

"అబ్బే, ఏదో పలకరింపులు సార్."

"చాలమ్మా. నాకవి కూడా రావు. పిలుచుకురావడానికి ఇక్కడ మనిషి లేడు. ఎవరితో పనున్నా నువ్వెళ్ళి పిలువు. ఆ పైన మాట్లాడటానికి హెడ్డాఫీసులో మనుషులున్నారు, ఫోన్లో వాళ్ళ భాషలోనే మాట్లాడతారు."

మడతలక్క తల ఊపింది. గర్వంగానే అనిపించింది. బల్ల దగ్గరకొచ్చి మామూలు కన్నా గట్టిగా దులిపింది దుప్పటిని.

మొదటి పిలుపు బాయిలర్ పెద్దాయనకు. ఆఫీసు పని మీద వచ్చింది కనుక "సాప్టీంగళా" బాగుండదనుకుంది. చేతులు జోడించి, "వణక్కం అణ్ణా" అని, అద్దాల గది వైపు చెయ్యి చూపించింది. ఆయన మళ్ళీ నాయకుడి వేషం వేసి, దణ్ణాలు పెట్టుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి బయటకొచ్చాడు. వేషం లేదు. తువ్వాలు భుజాన వేసుకుని, టిఫిను గిన్నె తీసుకుని, బల్ల పక్కనుంచే వెళ్ళాడు. రోజూ ఇంటికెళ్ళేటప్పుడు "పోయిట్టు వరేన్" అనేవాడు. మనం వెళ్ళొస్తాం అన్నట్టే. వెళ్తాను అని ఊరుకోకూడదు వాళ్ళకూ మనకూ. ఆ రోజు వెళ్తాననీ అనలేదు, వస్తాననీ అనలేదు.

బాయిలర్ తీసేసి గ్యాసుది పెడుతున్నారని తర్వాత తెలిసింది. దానికి మనిషి అక్కర్లేదట.

రెండో పిలుపు నీళ్ళు పిండే మెషిన్ దగ్గరి హిందీ అబ్బాయికి. "నమస్తే భయ్యా" అని గది చూపించింది. అతనూ టిఫినుతోనే బయటకొచ్చాడు. ఆ తర్వాత ఆరబెట్టేవాళ్ళలో ఒకడు. మూడోసారికి షెడ్డులో అందరికీ లెక్క తెలిసిపోయింది. మడతలక్క బల్ల వదిలి, చేతులు జోడించి, ఎవరి దగ్గరకు వెళ్తే వాళ్ళ పని ఆఖరు.

ఆవిడకే అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. ఒక పొద్దున్న "ఊట ఆయ్తా?" అని నవ్వుతూ వెళ్తే కన్నడావిడ మాసిన బట్టల గుట్ట వెనక్కి తప్పుకుంది. వినబడలేదేమోనని మళ్ళీ అడిగింది. ఆవిడ కళ్ళెత్తి, ముందు మడతలక్క చేతుల వైపు చూసింది. చేతులు జోడించి ఉన్నాయా లేదా అని. లేవని చూసుకున్నాక ఊపిరి వదిలింది. జవాబు మాత్రం చెప్పలేదు.

మడతలక్క తిన్నగా అద్దాల గదికి వెళ్ళింది.

"సార్, ఈ పిలుపుల పని నాకొద్దు."

"ఎందుకని?"

"నన్ను చూస్తే దడుచుకుంటున్నారు సార్. నేనే చెప్పి తీయిస్తున్నా అనుకుంటున్నారు."

"నువ్వు తీయిస్తే పోతారా? ఏం మాటలమ్మా." ఫోను మీద నుంచి కళ్ళు తీయకుండా అన్నాడు. "పోనీ నేనే వెళ్ళి మెడ పట్టుకు లాక్కురానా? నువ్వు దణ్ణం పెట్టి పిలుస్తున్నావు. మర్యాదగా ఉంది. అది కూడా లేకపోతే ఎలా?"

ఆవిడ బల్ల దగ్గరకు తిరిగొచ్చింది. మరుసటి వారం కన్నడావిడ పేరు వచ్చింది. ఈసారి నమస్కారం లేకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళింది. నోరు కట్టేసుకుని ఎదురుగా నిలబడింది. కన్నడావిడ తన చేతి తొడుగులు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి, తనే చేతులు జోడించింది.

"నమస్కార" అంది.

మొదటి రోజు అన్నట్టే అంది. గొంతులో కోపం ఉంటే బాగుండునని మడతలక్కకు అనిపించింది. లేదు.

ఇంటికెళ్ళి అత్తతో చెప్పింది. ముసలమ్మ అన్నం వడ్డించింది.

"యముడి దగ్గర కూడా ఒకడుంటాట్టగా, పిలవడానికి" అంది. "వాడి తప్పేం లేదు. కానీ వాడింటికి ఎవరూ భోజనానికి వెళ్ళరు."

"ఓదారుస్తున్నావా, తిడుతున్నావా అత్తమ్మా?"

"ఏమో. తిను ముందు."

ఆ రోజు నుంచి మడతలక్క పలకరింపులు మానేసింది. పొద్దున్న లోపలికి రావడం, తల దించుకుని బల్ల చేరడం. మానేస్తే మనుషులు స్థిమితపడ్డారు. అది చూసి ఇంకా బాధపడింది. తన నోరు మూతపడి ఉంటే వాళ్ళకు క్షేమం. అంతే కదా, అనుకుంది.

ఎదురుగా హిందీ చెల్లి ఒక్కతే మిగిలింది. ఇద్దరూ దులిపేవాళ్ళు, మడిచేవాళ్ళు, నడిచేవాళ్ళు. మొహాలు దగ్గరకు వచ్చేవి. హిందీ చెల్లి కళ్ళు కొసల మీదే ఉండేవి. "కైసీ హో" అనేది కాదు. అంటే బదులుగా ఏమొస్తుందోనని భయం. వేళ్ళు తగిలేవి, విడిపోయేవి. మాట పట్టేంత ఆ ఖాళీ అలాగే ఉండేది, మడతకొకసారి. అందులో రోలరు రొద పోసుకునేది.

హిందీ చెల్లిని కూడా పిలవమంటే ఏం చెయ్యాలి? ఆవిడకు రాత్రీ పగలూ అదే ఆలోచన. వెళ్ళనని చెప్పాలి. చెబితే తనను తీసేస్తారు. తీసేస్తే తీసేయనీ. ఇంత దూరం అనుకునేది. అత్త మాత్రల పట్టీ, మొగుడి నడుంనొప్పి గుర్తొచ్చి అక్కడ ఆగిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ ఒక్క మనిషి తనతో మళ్ళీ ఒక్క మాట అంటే చాలు. ఈ షెడ్డులో ఇంకేమీ అక్కర్లేదు. అంతవరకు మాత్రం ఆవిడకు స్పష్టంగా తెలుసు.

ఒక సోమవారం పొద్దున్న గేటు దగ్గర మేనేజరు ఎదురయ్యాడు. "ఈ వారం నీకు పిలుపుల పని లేదులే" అన్నాడు నడుస్తూనే.

గుండెల మీద నుంచి తిరగలి రాయి తీసినట్టయింది. లోపలికి నడిచింది. రోలరు వేడెక్కుతోంది. హిందీ చెల్లి అప్పటికే తన వైపు నిలబడి ఆప్రాన్ ముడి వేసుకుంటోంది. మొదటి దుప్పటి వచ్చింది. దులిపారు, మడిచారు, ఒకరి వైపు ఒకరు నడిచారు. ఇన్ని వారాల మౌనం తర్వాత "కైసీ హో" అనడానికి మొహం చెల్లలేదు మడతలక్కకు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామనిపించింది, కొత్తగా కలిసినట్టు. కొసలు అందుకుని, వాటితోనే రెండు చేతులూ దగ్గరకు చేర్చి, నవ్వి, "నమస్తే" అంది.

హిందీ చెల్లి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

వంగి మడత అందుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. ఆప్రాన్ ముడి విప్పింది. దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మడతలు పెట్టింది. చక్కగా, అంచుకు అంచు కలిపి.

"కాదు. నహీఁ. నహీఁ!" అని మడతలక్క అరిచింది. రెండో దుప్పటి రోలరు నుంచి అప్పటికే బయటకొస్తోంది. పట్టుకోకపోతే అది వెనక్కి చుట్టుకుని కాలిపోతుంది, ఆవిడ దాన్ని పట్టుకుంది. మూడోది దాని వెనకే ఉంది. రొదలో మాట అటు దాకా పోలేదు. తల ఊపితే హిందీ చెల్లి చూడటం లేదు. ఆమె అప్పటికే అద్దాల గది తలుపు దగ్గర ఉంది.

ఎవరో వచ్చి రోలరు ఆపేసరికి మూడు దుప్పట్లు నేల మీద ఉన్నాయి. మడతలక్క గదిలోకి పరిగెత్తింది. ఫోను బల్ల మీద ఉంది, అందులోంచి ఎవరిదో గొంతు హిందీలో చల్లగా, మర్యాదగా మాట్లాడుతోంది. హిందీ చెల్లి నిలబడి, ఆప్రాన్ చేతుల్లో పట్టుకుని, వినబడిన ప్రతిదానికీ తల ఊపుతోంది. ఫోను పెట్టేశాక బయటకు నడిచింది. మడతలక్క ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. దురుసుగా కాదు, వేడి తగిలితే తీసుకున్నట్టు.

"సార్, ఆమెను మీరు పిలవలేదు."

"లేదు" అన్నాడు మేనేజరు.

"నేనూ పిలవలేదు సార్. నేను ఊరికే నమస్తే అన్నాను."

"ఊరికే ఎందుకన్నావ్?"

మడతలక్క నోరు తెరిచింది. పలకరించాలనిపించింది సార్ అనాలి. తెలుగే, తన మాటే. రాలేదు.

"చూడమ్మా" అన్నాడు మేనేజరు. గొంతు కాస్త తగ్గించాడు. "మడత మెషిన్ వస్తోంది. ఆ బల్ల దగ్గర ఒక్కళ్ళు చాలు. నువ్వా, ఆమా అని నెలాఖరుకు తేల్చాలి. ఆమె తనంతట తానే ఆప్రాన్ తీసుకుని వచ్చింది. ఇంక తేల్చేదేముంది? నీ పని నిలబడింది. వెళ్ళు."

"వెనక్కి పిలవండి సార్. ఫోన్లో చెప్పించండి, అక్క ఊరికే అందని. ఒక్క మాట."

"పిలిచి? నిన్ను పంపమంటావా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అద్దంలోంచి బల్ల కనబడుతోంది, ఇటూ అటూ ఎవరూ లేకుండా. మడతలక్క మేనేజరు వైపు చూసింది. పంపండి అనడానికి ఒక్క మాట చాలు. అది నాలుక కింద ఉంది. అలాగే నిలబడింది. ఆయన ఓపిగ్గానే చూశాడు కాసేపు. తర్వాత వేరే కాగితం తీసుకున్నాడు.

గేటు దాకా వెళ్ళేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. హిందీ చెల్లి ఎక్కడ ఉంటుందో ఎప్పుడూ అడగలేదు. అడగడానికి మాట రాదు. ఇన్నాళ్ళూ తాను బాగున్నావా అని అడిగింది, బాగున్నానని ఆమె చెప్పింది. ఆమె గురించి తనకు తెలిసింది ఆ ఒక్కటే.

ఇంట్లో అత్త కంచం పెట్టింది. "పని ఉందా, పోయిందా?" అని అడిగింది, మొహం చూసి.

"ఉంది."

"మరి ఏడుపెందుకే?"

"ఉంది కాబట్టే, అత్తమ్మా."

ముసలమ్మ కంచంలో మజ్జిగ పోసింది.

మడత మెషిన్ వచ్చింది. రోలరు నుంచి దుప్పటి నేరుగా దాని నోట్లోకి పోతుంది, ఇటు వైపు నుంచి మడతలతో బయటకు వస్తుంది. మడతలక్క పని వాటిని దొంతర పెట్టడం. ఎవరి వైపూ నడవక్కర్లేదు. ఎవరి చేతులూ తగలవు.

కొన్నాళ్ళకు మాసిన బట్టల దగ్గర కొత్త మనిషిని పెట్టారు. ఏ రాష్ట్రమో తెలియదు. మొదటి రోజు మధ్యాహ్నం ఆమె బల్ల దాకా వచ్చి నిలబడింది. ఇక్కడ తెలుగావిడ ఉందని ఎవరో చెప్పి ఉంటారు, దారిలో ఎవరినో అడిగి నేర్చుకుని ఉంటుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, భయంభయంగా నవ్వుతూ, "నమస్కారం అక్కా. బాగున్నారా?" అంది.

షెడ్డులో ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఆ మనిషి జవాబు కోసం నిలబడి ఉంది. బాగున్నానమ్మా, నువ్వు తిన్నావా అని అడగాలి. మడతలక్క పెదవులు కదిలాయి. అవతల తలెత్తినవాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు, చేతుల వైపు. ఆవిడ రెండు చేతులనూ దుప్పట్ల దొంతర కిందికి తోసి, దాన్ని ఎత్తుకుని, అటు తిరిగింది.

మర్నాడు ఆ కొత్త మనిషి తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు కూడా.